ఎనిమిది వేల వంద తేడా ఎందుకొచ్చింది?

ఇంటర్న్‌షిప్ రిపోర్టు బైండింగ్ అయిపోయాక, వైవా కోసం చాలామంది బీకాం విద్యార్థులు ముందుగా చదివేది జీఎస్టీ చరిత్ర. 2017 జూలై 1న వచ్చింది, ఏయే పన్నులు అందులో కలిశాయి, ఎన్ని స్లాబులు... రిపోర్టు మొదటి పేజీల్లో ఇవే ఉంటాయి కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతారు. ఎగ్జామినర్‌కి ఆ పేజీలతో పెద్దగా పని ఉండదు. క్లాసులో అందరి రిపోర్టుల్లోనూ అవి ఒకేలా ఉంటాయని ఆయనకు తెలుసు. నేరుగా పట్టికలున్న చోటు తీసి, ఒక అంకె మీద వేలు పెట్టి, "ఇదెలా వచ్చిందమ్మా?" అంటారు. ఆ అంకె వెనక ఏ బిల్లు ఉందో, దాన్ని ఎవరు చూశారో చెప్పగలిగితే సగం వైవా అయిపోయినట్టే.

ఒక అమ్మాయి ఆడిటర్ ఆఫీసులో పనిచేసి, ఓ హార్డ్‌వేర్ షాపు కొనుగోళ్ళ లెక్కని జీఎస్టీఆర్-2బితో సరిచూసిందనుకుందాం. షాపు సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నుని, అమ్మినప్పుడు వసూలైన పన్నులోంచి తగ్గించుకుంటుంది. దాన్నే ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ అంటారు. అయితే చేతిలో బిల్లు ఉన్నంత మాత్రాన చాలదు. సరుకు అమ్మినవాడు ఆ బిల్లుని తన రిటర్నులో చూపించాలి, అది మన 2బిలో కనిపించాలి. 2022 జనవరి నుంచి చట్టం ఇలాగే ఉంది.

షాపు పుస్తకాల ప్రకారం జూలై క్రెడిట్ 84,600 రూపాయలు. 2బిలో ఉన్నది 76,500. ఎగ్జామినర్ వేలు పెట్టేది ఈ తేడా మీదే.

"8,100 ఎందుకు తగ్గింది?"

"సార్, 45,000 రూపాయల పైపుల బిల్లు ఒకటి 2బిలోకి రాలేదు. 18 శాతం చొప్పున దాని మీద పన్ను 8,100. సప్లయర్‌కి ఫోన్ చేస్తే, రిటర్నులో మా షాపు జీఎస్టీ నంబరు తప్పుగా పడిందని తెలిసింది. బిల్లు కాపీ అనుబంధంలో పెట్టాను."

ఈ జవాబులో మొత్తం, శాతం, కారణం, కాగితం నాలుగూ ఉన్నాయి. ఇంతకు మించి సాగదీయక్కర్లేదు. ఆగితే తర్వాతి ప్రశ్న ఆయనే అడుగుతారు.

"మరి ఆ క్రెడిట్ పోయినట్టేనా?"

"పోలేదు సార్. సప్లయర్ తర్వాతి రిటర్నులో సవరిస్తే మా తర్వాతి 2బిలో కనిపిస్తుంది, అప్పుడు తీసుకోవచ్చు. ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దాకా గడువుంది. వార్షిక రిటర్ను అంతకుముందే వేసేస్తే గడువు అక్కడితో అయిపోతుంది."

ఇంకో ప్రశ్న ఉంది, బాగా చదివినవాళ్ళు కూడా ఇక్కడే తడబడతారు: "రెండు మొత్తాలూ సరిపోయి ఉంటే ఆపేసేదానివా?" సరిపోతే ఇక చూడాల్సిందేముందని అనిపిస్తుంది. కానీ ఒక బిల్లు 2బిలోకి రాకపోయి, మనది కాని అంతే మొత్తం బిల్లు ఇంకోటి వచ్చి చేరితే, మొత్తాలు సరిపోతాయి, లెక్క మాత్రం తప్పే. "లేదు సార్, బిల్లు నంబరు, జీఎస్టీ నంబరు, పన్ను మూడూ వరసగా చూస్తాను" అని చెప్పాలి. నిజంగా అలా చూసినవాళ్ళకి ఇది వెతుక్కోవాల్సిన జవాబేమీ కాదు.

లాగ్‌బుక్కు దగ్గర కూడా చాలామంది దొరికిపోతారు. జూలై 2బి పోర్టల్‌లో తయారయ్యేది ఆగస్టు 14న. లాగ్‌బుక్కులో ఆగస్టు 9న "2బితో సరిచూశాను" అని రాసి ఉంటే, అన్నీ చివర్లో ఒక్కసారే కూర్చుని నింపారని ఎగ్జామినర్‌కి ఇట్టే అర్థమవుతుంది. ఆదివారాల్లో రాసిన పనీ అంతే. వైవాకి ముందు రోజు రిపోర్టునీ లాగ్‌బుక్కునీ పక్కపక్కన పెట్టుకుని తేదీలు చూసుకోవాలి. పొరపాటు కనిపిస్తే దిద్ది దాచెయ్యకుండా గైడ్‌కి ముందే చెప్పడం మంచిది.

"జీఎస్టీఆర్-3బి నువ్వే వేశావా?" అనీ అడుగుతారు. క్లయింటు లాగిన్ ఇంటర్న్ చేతికి ఇవ్వని ఆఫీసులు చాలానే ఉంటాయి. "లేదు సార్, మా సీనియర్ వేశారు. నేను తయారుచేసిన పట్టిక చూసుకుని వేశారు, నేను పక్కన కూర్చుని చూశాను" అంటే మార్కులేమీ తగ్గవు. "అవును" అంటే మాత్రం ఏ పట్టికలో ఏం నింపావని మరో నాలుగు ప్రశ్నలు వరసగా వస్తాయి.

"దీన్నిబట్టి హార్డ్‌వేర్ షాపులన్నీ ఇంతేనని చెప్పగలవా?" అంటే, చెప్పలేనని ఒప్పుకోవాలి. చూసింది ఒక్క షాపు, ఒక్క నెల. ఆ సంగతి రిపోర్టు పరిమితుల పేజీలో రాసి ఉంటే, ఆ పేజీ తీసి చూపించవచ్చు. షాపు పేరు అడిగితే, ఆఫీసు వద్దంది కాబట్టి "క్లయింట్ ఎ" అని రాశానని చెబితే చాలు.