తిరిగిచ్చిన టైల్స్‌కు చేతికొచ్చేది ఎంత?

ఇల్లు కట్టించినవాళ్లకు ఇది తెలిసిన కథే. మేస్త్రి అరవై బాక్సుల టైల్స్ తెమ్మంటాడు, పనయ్యాక తొమ్మిది మిగులుతాయి. వాటిని ఆటోలో వేసి కొట్టుకు పంపిస్తాం. వారం తర్వాత వచ్చిన ఆఖరి బిల్లు మన లెక్కకు కలవదు. కొట్టువాడు మోసం చేశాడనుకుంటాం. నిజానికి చాలాసార్లు ఇక్కడ కొరవడేది నిజాయితీ కాదు, వివరం. ఆ వివరాన్ని ఒక కొట్టు యజమాని కాగితం మీద పెడితే ఎలా ఉంటుందో చూద్దాం. అంకెలు మన లెక్క కోసం అనుకున్నవి.

“అయ్యా, నమస్కారం. మీరు ఇంకా 17,351 రూపాయలు ఇవ్వాలని బిల్లు పంపాను. మీ లెక్కలో 15,312 వస్తోందని ఫోనులో అన్నారు. తేడా 2,039 రూపాయలు. అదెలా వచ్చిందో రాస్తున్నాను.

మీరు తీసుకున్నవి 60 బాక్సులు, బాక్సు 800 చొప్పున 48,000. ఐదు శాతం తగ్గించాను కాబట్టి 45,600 అయింది. దాని మీద 18 శాతం జీఎస్టీ 8,208 కలిపితే 53,808. అందులో మీరు 30,000 ముందే కట్టారు.

తొమ్మిది బాక్సులు వెనక్కి పంపారు. ఒకదానికి సీలు తీసి ఉంది, లోపల ఒక టైలు అంచు విరిగింది. దాన్ని తీసుకోలేకపోయాను. అది మీ ఆటోలోనే తిరిగి పంపాను. మిగతా ఎనిమిదింటికి మీరు నిజంగా ఇచ్చిన ధర 800 కాదు, తగ్గింపు పోను 760. అంటే 6,080. బిల్లు వెనక రాసినట్టు పది శాతం, అంటే 608 తీసేశాను. మిగిలిన 5,472కి జీఎస్టీ 984.96 కూడా కలిపి, మొత్తం 6,456.96కి క్రెడిట్ నోట్ రాశాను. 53,808లోంచి అదీ, మీ అడ్వాన్సూ తీసేస్తే 17,351.”

కొనుగోలుదారు ఎక్కడ పొరబడ్డాడో ఇప్పుడు తెలుస్తుంది. ఆయన తొమ్మిది బాక్సులకూ పూర్తి ధర, పన్నుతో సహా 944 చొప్పున వేసుకున్నాడు. ఆ 2,039లో 944 పగిలిన బాక్సుది. సుమారు 378 ముందే పొందిన తగ్గింపు. కొట్టు కోసుకున్నది, దాని మీద పన్నుతో కలిపి, సుమారు 717 మాత్రమే.

ఆ పది శాతం మాత్రం ఎందుకు? సీలు తీయని సరుకే కదా, మళ్లీ అమ్ముకోవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. టైలు బట్టీలో కాలే వస్తువు. ఒక విడతలో వచ్చిన రంగు మరో విడతలో అచ్చంగా అలాగే రాదు. కొలతలోనూ వెంట్రుకవాసి తేడా వస్తుంది. అందుకే బాక్సు మీద షేడు నంబరు, బ్యాచి నంబరు వేస్తారు. రెండు అడుగుల టైల్స్ నాలుగుండే బాక్సు సుమారు 15.5 చదరపు అడుగులు పరుస్తుంది. ఎనిమిది బాక్సులంటే 124. పదడుగులకు పన్నెండడుగుల గదే 120 చదరపు అడుగులు. కోతలో పోయేది కలిపితే ఆ చిన్న గదికీ చాలవు. కొత్త బ్యాచితో కలిపి పరిస్తే నేల మీద గీత గీసినట్టు కనిపిస్తుంది. చివరికి ఆ ఎనిమిదీ ఏ బాత్రూముకో ధర తగ్గించి అమ్మాల్సిందే. మోసి పేర్చిన హమాలీ ఖర్చు దీనికి అదనం. బాక్సుల మీది నంబరు గోడౌనులో ఇంకా ఉన్న బ్యాచిదే అయితే ఈ వాదన నిలవదు. అప్పుడు కోత తగ్గించమని అడగడంలో తప్పు లేదు.

ఇలాంటి ఉత్తరం మీకొస్తే రెండు చోట్ల వేలు పెట్టి చూడండి. పది శాతం దేని మీద తీశారన్నది మొదటిది. తిరిగి తీసుకున్న సరుకుకు మీరిచ్చిన ధర మీదే తీయాలి. మొత్తం బిల్లు మీద తీస్తే 608 కాస్తా 4,560 అవుతుంది! రెండోది పన్ను. సరుకు ధర వెనక్కి ఇచ్చి, దాని మీది జీఎస్టీని మింగేసే కొట్లున్నాయి. మన లెక్కలో అది 985 రూపాయలు. తిరిగొచ్చిన సరుకుకు క్రెడిట్ నోట్ రాసి, తాను కట్టాల్సిన పన్ను తగ్గించుకునే వీలు 2017 నాటి జీఎస్టీ చట్టమే వ్యాపారికి ఇచ్చింది. అమ్మిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దాకా, ఆ ఏటి వార్షిక రిటర్ను అంతకుముందే వేస్తే అప్పటిదాకా గడువుంటుంది. ఆ లోపు వెనక్కిచ్చిన సరుకుకు పన్ను రాదనే మాట ఒప్పుకోకండి. తెల్లకాగితం మీద కొట్టివేతలు కాకుండా, నంబరు, తేదీ, పాత బిల్లు నంబరు ఉన్న క్రెడిట్ నోటే అడగండి.

ఇదంతా సరుకు బాగుండి, మనకు ఎక్కువై తిరిగిచ్చిన సందర్భానికే. పెట్టె విప్పేసరికే పగిలి ఉన్నా, రంగు ఒప్పుకున్నది కాకపోయినా కోతకు ఒప్పుకోనక్కర్లేదు. లోపమున్న సరుకును వెనక్కి తీసుకోకపోవడం, బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా డబ్బు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.