రోటరు మీది పేరు కాదు, దాని కిందిది చూడండి

వాడిన ఆటోమేటిక్ వాచీ అమ్మకానికి పెట్టేవాళ్లు వెనక మూత తీసి ఒక ఫొటో తప్పకుండా పెడతారు. మధ్యలో అర్ధచంద్రాకారపు లోహపు రేకు, దాని మీద కంపెనీ పేరు, ఏదో నంబరు. ఆ రేకే రోటరు. చెయ్యి కదిలినప్పుడల్లా అది గిరగిరా తిరిగి, లోపలి స్ప్రింగుకు కీ ఇస్తుంది. కొనేవాళ్లు ఆ పేరు చూసి మిషను అసలుదేనని నమ్మేస్తారు. కానీ మొత్తం మిషనులో అతి తేలిగ్గా మార్చగలిగే భాగం రోటరే. సీకో 7ఎస్26 మిషనులో దాన్ని పట్టి ఉంచేది నడిమధ్యన ఉన్న ఒకే ఒక్క స్క్రూ. పేరు చెక్కిన రోటర్లు విడిగానూ దొరుకుతాయి. అందుకే రోటరు ఫొటోతో పరిశీలన మొదలుపెట్టవచ్చు గానీ, అక్కడితో ఆపకూడదు.

సీకో ఎస్‌కేఎక్స్007 అనే డైవర్ వాచీని తీసుకుంటే ఈ పరిశీలన ఎలా చేయాలో బాగా అర్థమవుతుంది. 1996లో మొదలై 2019 దాకా తయారైన మోడల్ ఇది. ఉత్పత్తి ఆగిపోయాక సెకండ్‌హ్యాండ్‌లో గిరాకీ పెరిగింది, దాంతోపాటు భాగాలు మార్చిన వాచీలూ పెరిగాయి. దీని అసలు మిషను 7ఎస్26. అందులో 21 జ్యుయెల్స్ ఉంటాయి. అంటే ఇరుసులు అరిగిపోకుండా కూర్చిన 21 కెంపు రాళ్లు.

ఒక ప్రకటన వచ్చిందనుకుందాం. 'జపాన్ రకం, 1998లో కొన్నది, ఒక్కసారి కూడా విప్పలేదు' అని రాశారు. రెండు ఫొటోలు పెట్టారు: ముందువైపు డయలు, మూత తీసిన మిషను. విప్పని వాచీకి మిషను ఫొటో ఎక్కడి నుంచి వచ్చిందన్నది అక్కడే అడగాల్సిన మొదటి ప్రశ్న. ఆ తర్వాత ఫొటోను పెద్దది చేసి రోటరు మీది అక్షరాలు చదవాలి. 24 జ్యుయెల్స్ అని ఉంది. జపాన్ రకం డయలు మీద మాత్రం 21 జ్యుయెల్స్ అని ఉంటుంది. ఒకే వాచీలో రెండు లెక్కలు కుదరవు కాబట్టి, రోటరైనా మారి ఉండాలి, మిషనంతా అయినా మారి ఉండాలి.

24 జ్యుయెల్స్ అనగానే తట్టాల్సిన పేరు ఎన్‌హెచ్36. అది సీకో గ్రూపే తయారుచేసి ఇతర కంపెనీలకు అమ్మే మిషను. 7ఎస్26 ఉన్న చోట ఇది చక్కగా కూర్చుంటుంది. పైగా పనితనంలో ఒక మెట్టు పైనే ఉంటుంది. కాబట్టి అది నకిలీ మిషను కాదు. కానీ ఆ వాచీతో పుట్టిన మిషనూ కాదు. 'అసలుది' అనే మాటలో ఈ రెండు ప్రశ్నలూ కలిసిపోయి ఉంటాయి: మిషను పేరున్న కంపెనీ చేసిందేనా? ఈ వాచీలో మొదటి నుంచీ ఉన్నదేనా? ధర నిర్ణయించేది చాలాసార్లు రెండో ప్రశ్నే.

అక్షరాలు తేల్చలేని సంగతిని నిర్మాణం తేలుస్తుంది. రోటరును ఒక పక్కకు జరిపి, వీలైతే వాచీ రిపేరరు చేత తీయించి, మరో ఫొటో అడగాలి. సీకో 1959లో మ్యాజిక్ లీవర్ అనే ఏర్పాటు తెచ్చింది. పళ్లున్న ఒక చక్రాన్ని రెండు సన్నని చేతులు చెరోవైపు నుంచి పట్టుకుని ఉంటాయి. రోటరు ఎటు తిరిగినా ఒక చెయ్యి లాగుతుంది, లేదా మరోటి నెడుతుంది. ఎలాగైనా చక్రం ఒకే దిశలో తిరిగి స్ప్రింగు బిగుస్తుంది. 7ఎస్26లోనూ ఎన్‌హెచ్36లోనూ ఉన్నది ఈ ఏర్పాటే. చవక నకిలీ వాచీల్లో తరచుగా కనిపించే చైనా 2813 రకం మిషనులో ఇది ఉండదు. అది జపాన్ మియోటా 8215 నమూనాను అనుసరించి చేసినది. ఒక దిశలోనే కీ ఇచ్చుకుంటుంది, రెండో దిశలో రోటరు ఊరికే గిర్రున తిరుగుతుంది. రోటరు మీద సీకో అని ఎంత అందంగా చెక్కినా, దాని కింద ఆ రెండు చేతులు లేకపోతే అది 7ఎస్26 కాదు.

తర్వాత చూడాల్సింది అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం. దాన్ని పైనుంచి పట్టి ఉంచే వంతెన లాంటి రేకు మీద ఒక కెంపు రాయి, ఆ రాయి మీద బంగారు రంగులో చిన్న స్ప్రింగు ఉంటాయి. వాచీ కింద పడ్డప్పుడు ఇరుసు విరగకుండా కాపాడేది అదే. సీకో వాడే డయాషాక్ స్ప్రింగు మూడు రేకుల ఆకారంలో ఉంటుంది. స్విస్ మిషన్లలో మామూలుగా కనిపించే ఇన్‌కాబ్లాక్ స్ప్రింగు వీణలాంటి ఆకారంలో ఉంటుంది. ఫొటో స్పష్టంగా ఉంటే ఈ తేడాను ఎవరైనా గుర్తుపట్టగలరు.

కొనేవాళ్లు తలకిందులుగా అర్థం చేసుకునే సంగతి ఇంకొకటి ఉంది. 7ఎస్26 చూడటానికి సాదాసీదా మిషను. చారల నగిషీలు, నీలం స్క్రూలు దానికి ఉండవు. ఎస్‌కేఎక్స్007 లోపల తళతళలాడే నగిషీ కనిపిస్తే ముచ్చటపడకూడదు, అనుమానించాలి. మిషను చుట్టూ ప్లాస్టిక్ వలయం కనిపించగానే నకిలీ అని తోసిపుచ్చేవాళ్లూ ఉన్నారు. అదీ పొరపాటే. ఈ వాచీలో కంపెనీ వాడిందే ప్లాస్టిక్ వలయం.

మిషను ఫొటోను వాచీలోని మిగతా భాగాలతో సరిపోల్చినప్పుడే దానికి విలువ. వెనక మూత మీద 7ఎస్26-0020 అని ఉంటుంది. ముందు భాగం మిషనుది, వెనక నాలుగంకెలు కేసువి. డయలు అడుగున కనీకనిపించని అక్షరాల్లోనూ అదే మిషను నంబరు ఉంటుంది. రోటరు మీది నంబరు చివర ఎ, బి, సి అనే అక్షరం వస్తుంది. సి రకం తర్వాతి కాలంలో వచ్చింది. 1998లో కొన్నామంటున్న వాచీలో సి కనిపిస్తే, మధ్యలో ఏదో మారిందని అర్థం.

ఫొటోతో తేలనిది చిన్న వీడియోతో తేలుతుంది. 7ఎస్26కు చేత్తో కీ ఇవ్వడం కుదరదు. కీని చివరిదాకా లాగినా సెకన్ల ముల్లు ఆగదు. ఎన్‌హెచ్36లో కీ ఇవ్వొచ్చు, లాగగానే ముల్లు ఆగుతుంది. మన ప్రకటనలోని వాచీలో ముల్లు ఆగిందంటే మారింది రోటరొక్కటే కాదు, మిషనంతా మారింది.

ఇవన్నీ సరిపోయినా ఫొటోకు ఒక హద్దు ఉంది. తేడా ఉంటే ఫొటో దాన్ని పట్టిస్తుంది. తేడా కనిపించనంత మాత్రాన అంతా అసలుదేనని రుజువు కాదు. చక్రాలు అరిగాయో లేదో, నూనె ఎండిందో లేదో, లోపలి భాగం ఏదైనా మారిందో లేదో ఫొటోలో కనపడదు. పైగా ఆ ఫొటో వేరే వాచీది కావచ్చు.

కాబట్టి డబ్బు పంపేముందు అమ్మేవాళ్లను మూడు అడగండి. తీసిన మూత, మిషను, ఆ రోజు తేదీ రాసిన కాగితం ఒకే ఫొటోలో ఉండాలి. రోటరు పక్కకు జరిపిన ఫొటో ఇంకొకటి కావాలి. కీ లాగినప్పుడు సెకన్ల ముల్లు ఏం చేస్తుందో చూపే వీడియో కావాలి. ఈ మూడూ తీయడానికి మూత తీయగలిగిన రిపేరరు దగ్గర పది నిమిషాల పని. అవి ఇవ్వని వాచీకి అసలు వాచీ ధర పెట్టకండి.