లాభం పది లక్షలు, నగదు మాత్రం తగ్గింది

పరోక్ష పద్ధతిలో నగదు ప్రవాహ పట్టిక నికర లాభంతో మొదలవుతుంది. డబ్బు చేతులు మారకుండానే లాభాన్ని పెంచినవాటిని, తగ్గించినవాటిని ఒక్కొక్కటిగా సరిచేస్తూ పోతే అసలు నగదు తేలుతుంది. ఇందుకు ఆ ఏటి లాభనష్టాల ఖాతాతో పాటు రెండు బ్యాలెన్స్ షీట్లు కావాలి: ఏడాది మొదట ఉన్నది, చివర ఉన్నది.

ఉదాహరణకు ఒక చిన్న రైసు మిల్లు. ఏడాదికి లాభం 10 లక్షలు వచ్చింది, నగదు మాత్రం 5 లక్షల నుంచి 2 లక్షలకు పడిపోయింది. ఖర్చుగా రాసిన తరుగుదల 3 లక్షలు ఎవరికీ చెల్లించినది కాదు కాబట్టి లాభానికి తిరిగి కలపాలి. పాత యంత్రం అమ్మకంలో మిగిలిన లక్ష వ్యాపారం నడిపి సంపాదించింది కాదు కాబట్టి తీసేయాలి. దాంతో లెక్క 12 లక్షలకు వస్తుంది.

ఇక బాకీలు, సరుకు. బియ్యం అరువుకిచ్చిన వ్యాపారుల నుంచి రావలసింది 8 నుంచి 14 లక్షలకు పెరిగింది. ఆ 6 లక్షలు అమ్మకాల్లో చేరాయే తప్ప చేతికి రాలేదు. గోదాములో సరుకు విలువ 5 లక్షలు పెరిగింది, అంటే అంత డబ్బు బస్తాల్లో ఇరుక్కుంది. ఈ రెండూ తీసేయాలి. మిల్లు రైతులకు ఇంకా చెల్లించాల్సిన ధాన్యం బాకీ 3 లక్షలు పెరిగింది. ఆ డబ్బు ఇంకా మిల్లు దగ్గరే ఉంది గనుక కలపాలి. చివరికి వ్యాపారం నుంచి వచ్చిన నగదు 4 లక్షలే.

ఎక్కువ మంది తడబడేది యంత్రాల దగ్గర. బ్యాలెన్స్ షీట్లలో వాటి విలువ 30 లక్షల నుంచి 33కి చేరింది కాబట్టి 3 లక్షలవి కొన్నారనిపిస్తుంది. కానీ తరుగుదల 3 లక్షలు, అమ్మిన యంత్రం పుస్తక విలువ 2 లక్షలు పోగా మిగలాల్సింది 25. మిగతా 8 లక్షలు కొత్త కొనుగోలు. పాతదాన్ని అమ్మితే వచ్చిన 3 లక్షలు పోను, పెట్టుబడుల కింద నికరంగా 5 లక్షలు బయటికి వెళ్లాయి.

బ్యాంకు అప్పు 2 లక్షలు పెరిగింది, యజమాని సొంతానికి 4 లక్షలు తీసుకున్నాడు. ఈ పద్దులో 2 లక్షలు తగ్గుదల. వ్యాపారం నుంచి వచ్చిన 4 లక్షల్లోంచి 5, 2 తీసేస్తే నగదు తగ్గుదల సరిగ్గా 3 లక్షలు. పెద్ద కంపెనీల పట్టికల్లో మాత్రం సాధారణంగా పన్నుకు ముందున్న లాభంతో మొదలుపెట్టి, కట్టిన పన్నును విడిగా చూపిస్తారు.

మొత్తం కుదరకపోతే తేడాను సగం చేసి చూడాలి. 12 లక్షలు తేడా వస్తే 6 లక్షల పద్దును తీసేయడానికి బదులు కలిపి ఉంటారు. తేడా లక్షే అయితే యంత్రం అమ్మకపు లాభాన్ని తీసేయడం మరిచిపోయి ఉండవచ్చు.