తప్పు ఊపిరితిత్తులది కాదు

ఫైనల్ ఎంబీబీఎస్ వైవాలో నేను తరచూ ఇచ్చే చీటీ ఒకటుంది. 19 ఏళ్ల కుర్రాడు. రెండు రోజులుగా వాంతులు, కడుపునొప్పి. ఎగశ్వాసతో క్యాజువాలిటీకి తెచ్చారు. మణికట్టు దగ్గర ధమనిలోంచి తీసిన రక్తం రిపోర్టు ఇది: పీహెచ్ 7.26, కార్బన్ డయాక్సైడ్ 23, బైకార్బొనేట్ 10.

"ఏం జరిగిందమ్మా?" అని అడిగితే ఓసారి ఒకమ్మాయి తడుముకోకుండా చెప్పింది: "రెస్పిరేటరీ ఆల్కలోసిస్ సార్. ఊపిరి వేగంగా తీయడం వల్ల కార్బన్ డయాక్సైడ్ పడిపోయింది."

"మరి వైద్యం?"

"కంగారు తగ్గించి, నెమ్మదిగా ఊపిరి తీసుకోమనాలి సార్."

ఆ కుర్రాడు నిజంగానే నెమ్మదిగా ఊపిరి తీస్తే ప్రాణం మీదికొస్తుంది.

ఆ అమ్మాయి చదవక చెప్పిన జవాబు కాదది. సగం నిజం కూడా. కార్బన్ డయాక్సైడ్ రక్తంలో కరిగితే ఆమ్లమవుతుంది. దాన్ని బయటికి పంపేది ఊపిరితిత్తులు. ఆమ్లాన్ని విరిచే క్షారం బైకార్బొనేట్, దాని లెక్క చూసేది మూత్రపిండాలు. మామూలుగా కార్బన్ డయాక్సైడ్ 35 నుంచి 45 మధ్య, బైకార్బొనేట్ 22 నుంచి 26 మధ్య ఉంటాయి. ఈ రెండింటి తూకమే పీహెచ్. అది 7.35, 7.45 మధ్య ఉండాలి. అంతకు తగ్గితే రక్తం ఆమ్లం వైపు, పెరిగితే క్షారం వైపు వాలినట్టు.

చీటీలో రెండు అంకెలూ తగ్గి ఉన్నాయి. ఏది రోగం, ఏది రోగానికి శరీరం చేసుకున్న సర్దుబాటు? తేల్చేది పీహెచ్. 7.26 అంటే ఆమ్లం వైపు. కార్బన్ డయాక్సైడ్ తగ్గడమే అసలు జబ్బయితే ఆమ్లం తగ్గి, పీహెచ్ 7.45 దాటాలి కదా. దాటలేదు. రక్తాన్ని ఆమ్లం వైపు లాగగలిగింది బైకార్బొనేట్ తరుగు ఒక్కటే. కాబట్టి ఇది మెటబాలిక్ అసిడోసిస్. సర్దుబాటు ఎంత గట్టిదైనా పీహెచ్‌ని అవతలి ఒడ్డుకు దాటించదు.

చీటీ వెనక వైపు ఇంకో వరుస ఉంటుంది, అడిగినవాళ్లకే చూపిస్తాను: షుగర్ 480, మూత్రంలో కీటోన్లు. కుర్రాడు ఇన్సులిన్ మానేశాడు. ఇన్సులిన్ లేక శరీరం కొవ్వును కరిగించుకుంటే కీటోన్ ఆమ్లాలు పుట్టాయి, ఉన్న బైకార్బొనేట్‌ను తినేశాయి. ఆమ్లం పెరిగిందని పసిగట్టిన మెదడు ఊపిరితిత్తులను పరుగెత్తించింది. మధుమేహ రోగుల్లో ఈ లోతైన శ్వాసను జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ కుస్‌మౌల్ 1874లోనే వర్ణించాడు. సెలైన్, పొటాషియం చూసుకుని ఇన్సులిన్ ఇస్తే ఆయాసం దానంతటదే దిగుతుంది.

పొగ తాగి తాగి ఊపిరితిత్తులు పాడైన పెద్దాయన రిపోర్టులో ఇదే తిరగబడుతుంది: 7.33, 60, 31. బైకార్బొనేట్ 31 చూసి మెటబాలిక్ ఆల్కలోసిస్ అని రాసేస్తారు. అక్కడ జబ్బు ఊపిరితిత్తులది. మూత్రపిండాలు మూడు నుంచి ఐదు రోజులు తీసుకుని బైకార్బొనేట్ కూడబెట్టాయి, అంతే.

ఇంతవరకూ చాలామంది వస్తారు. సర్దుబాటు సరిపడా ఉందా అని చూసేవాళ్లు తక్కువ. మెటబాలిక్ అసిడోసిస్‌కి వింటర్స్ ఫార్ములా ఉంది: బైకార్బొనేట్‌ను ఒకటిన్నరతో హెచ్చించి 8 కలపాలి. మన కుర్రాడికి 15, 8 కలిపి 23. రెండు అటూ ఇటూ అయినా ఫరవాలేదు. అతని కార్బన్ డయాక్సైడ్ సరిగ్గా 23. అంటే ఊపిరితిత్తులు తమ పని తాము చేస్తున్నాయి, వాటికి వేరే జబ్బు లేదు.

పీహెచ్‌ని చూసి తేల్చే పద్ధతికీ ఓ హద్దుంది. ఆ పెద్దాయనకే వాంతులు పట్టుకుంటే 7.40, 60, 36 రావచ్చు. పీహెచ్ నిక్షేపంలా ఉంది కదా అని వదిలేస్తే, ఒకదాన్నొకటి కప్పేసుకున్న రెండు జబ్బులూ తప్పించుకుంటాయి.

ఆ రోజు ఆ అమ్మాయి పీహెచ్ దగ్గరికి తిరిగొచ్చి, తన జవాబు తానే దిద్దుకుంది. అప్పుడు రెండో చీటీ ఇచ్చాను. అదే కుర్రాడు, కొన్ని గంటల తర్వాత: 7.08, 35, 10. కార్బన్ డయాక్సైడ్ 35 అంటే మామూలు హద్దుల్లోనే ఉంది. ల్యాబ్ కాగితం మీద దాని పక్కన ఎర్రగుర్తు కూడా పడదు. రావలసింది మాత్రం 23. కుర్రాడు ఊపిరి లాగలేక అలసిపోతున్నాడు, ఐసీయూ వాళ్లను పిలవాల్సిన సమయం అదే. 35 పక్కన 'నార్మల్' అని రాసినవాళ్లకు నేను మార్కులు వేయను.