క్లోమానికి కబురు ఎవరు పంపుతారు?

జీర్ణాశయం నుంచి చిన్నపేగులోకి వచ్చే ఆహారం బాగా ఆమ్లంగా ఉంటుంది. అది చేరగానే పక్కనున్న క్లోమం రసం వదులుతుంది. ఆ సంగతి దానికెలా తెలుస్తుంది?

నరాలే చెబుతాయని ఒకప్పుడు అనుకునేవారు. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే శాస్త్రవేత్తలు మత్తిచ్చిన కుక్క చిన్నపేగులో ఒక భాగానికి నరాలన్నీ తెంచి, రక్తనాళాలను మాత్రం ఉంచారు. అందులో ఆమ్లం పోస్తే క్లోమం రసం కార్చింది! అంటే కబురు రక్తంలోనే వెళ్లి ఉండాలి. పేగు లోపలి పొరను గీకి, ఆమ్లంతో నూరి, వడకట్టి రక్తంలోకి ఎక్కించారు. మళ్లీ రసం వచ్చింది. అలా పనిచేసిన పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు.

ఈ హార్మోన్ క్లోమ నాళాల కణాలచేత నీళ్లూ బైకార్బొనేటూ వదిలిస్తుంది. వంటసోడాలో ఉండేదీ బైకార్బొనేటే. అది ఆమ్లాన్ని విరిచేశాక సెక్రెటిన్ రావడమూ తగ్గిపోతుంది.

కానీ ఆ రసంలో ఎంజైములు తక్కువ. పప్పూ నెయ్యీ కలిపిన అన్నం తిన్నామనుకోండి. అందులోని మాంసకృత్తులు, కొవ్వు అరగడం మొదలై పేగు కణాలకు తగిలితే, అవి కోలిసిస్టోకైనిన్ అనే మరో హార్మోన్‌ను వదులుతాయి. ఎంజైములను రప్పించేది అదే. పిత్తాశయాన్ని పిండి పైత్యరసాన్ని పేగులోకి పంపేదీ అదే. ఎంజైములు వచ్చినా బైకార్బొనేట్ చాలకపోతే, కొవ్వును విడగొట్టే లైపేజ్ ఆమ్లంలో పాడైపోతుంది. అప్పుడు అరగని కొవ్వు మలంలో జిడ్డుగా కనిపిస్తుంది.