ఒకే మాత్రకు రెండు ధరలు

పొద్దున రెండు, రాత్రి రెండు, నెలకు 120 మాత్రలు. ముదిరిన కాలేయ క్యాన్సర్‌కు, కిడ్నీ క్యాన్సర్‌కు వాడే సోరాఫెనిబ్ మామూలు మోతాదు ఇది. జర్మనీ కంపెనీ బేయర్ దీన్ని నెక్సావర్ పేరుతో మన దేశంలో నెలకు 2,80,428 రూపాయలకు అమ్మేది. అంటే మాత్ర దాదాపు 2,337 రూపాయలు. 2012 మార్చి 9న పేటెంట్ల కంట్రోలర్ పి.హెచ్.కురియన్, హైదరాబాద్‌లోని నాట్కో ఫార్మాకు అదే మందు తయారుచేయడానికి తప్పనిసరి లైసెన్సు ఇచ్చారు. నెల మందు 8,880 రూపాయలకు మించకూడదు, అమ్మకాలపై బేయర్‌కు 6 శాతం రాయల్టీ కట్టాలి అని షరతులు పెట్టారు. మాత్ర 74 రూపాయలకు దిగింది. రాయల్టీ కట్టి మరీ ఆ ధరకు అమ్మడానికి నాట్కో ముందుకొచ్చిందంటే, మాత్ర తయారీకి అంతకన్నా తక్కువే అవుతుందన్నమాట.

మరి పాత ధర అంత ఎందుకుంది? పరిశోధనకు పెట్టింది రాబట్టుకోవాలి కదా అంటారు. ఆ మాట సగమే నిజం. అమ్మకాలు మొదలయ్యేనాటికి పరిశోధన డబ్బు ఖర్చయిపోయింది. ఎన్ని మాత్రలు అమ్మినా అది పెరగదు, తగ్గదు. ఏ ధర పెడితే ఎక్కువ మిగులుతుందన్న లెక్కలో దానికి చోటు లేదు. ఆ లెక్క ఇంకోటి.

ఊహించిన అంకెలతో చూద్దాం. ఒక మందు ఒకే కంపెనీ చేతిలో ఉంది. ఒక రోగికి నెల మందు తయారుచేయడానికి 10 వేలు అవుతుంది. లక్ష పెడితే కొనగలిగేది ఒక్కరే. 90 వేలకు దించితే ఇద్దరు, 80 వేలకు ముగ్గురు, ఇలా ప్రతి 10 వేల తగ్గింపుకూ ఒకరు పెరుగుతారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. రెండో రోగి కోసం 90 వేలకు దించితే మొదటి రోగి కూడా 90 వేలే ఇస్తాడు. మొత్తం రాబడి లక్ష నుంచి లక్షా 80 వేలైంది. రెండో రోగి 90 వేలు ఇచ్చినా, కంపెనీకి అదనంగా వచ్చింది 80 వేలే. ఇదే ఉపాంత రాబడి. ఇంకొకరికి అమ్మడానికి అదనంగా అయ్యే ఖర్చు, ఇక్కడి 10 వేలు, ఉపాంత వ్యయం.

మూడో రోగి వల్ల అదనంగా వచ్చేది 60 వేలు, నాలుగో రోగి వల్ల 40, అయిదో రోగి వల్ల 20 వేలు. ఆరో రోగి కోసం ధర 50 వేలకు దించితే మొత్తం రాబడి 3 లక్షల దగ్గరే ఉండిపోతుంది, అదనంగా ఒక్క రూపాయి రాదు. పైగా తయారీకి 10 వేలు పోతాయి. కాబట్టి కంపెనీ అయిదుగురి దగ్గర ఆగుతుంది. ధర 60 వేలు, లాభం రెండున్నర లక్షలు. నలుగురికి అమ్మినా ఆరుగురికి అమ్మినా లాభం 2 లక్షల 40 వేలే. ఏకస్వామి ఇష్టమొచ్చినంత ధర పెడతాడనుకోవడం పొరపాటు. లక్ష పెడితే అతనికి మిగిలేది 90 వేలే.

ఆరో రోగి సంగతి చూడండి. అతను 50 వేలు ఇవ్వగలడు, మందుకు అయ్యేది 10 వేలు. అయినా అతనికి మందు అందదు. ఏకస్వామ్యంలో నన్ను కలవరపెట్టేది పెద్ద లాభం కాదు, ఇలా బయట నిలబడిపోయిన మనిషి. నెక్సావర్ కేసులో కంట్రోలర్ తేల్చిందీ ఇలాంటిదే: మందు అవసరమైన రోగుల్లో 2 శాతానికి కాస్త పైన మాత్రమే దాన్ని పొందగలిగారు.

సంపూర్ణ పోటీలో కూడా సూత్రం ఇదే. మదనపల్లె మార్కెట్‌కు టమాటా తెచ్చే రైతు పది పెట్టెలు తెచ్చినా ఇరవై తెచ్చినా వేలం ధర అతని వల్ల కదలదు. ఇంకో పెట్టె అమ్మడానికి ముందు పెట్టెల ధర తగ్గించుకోనక్కర్లేదు కనుక ఉపాంత రాబడి, ధర ఒకటే. మన మందును చాలామంది తయారుచేస్తే ఒకరు 55 వేలకు, మరొకరు 45 వేలకు దిగుతూ ధర 10 వేలకు చేరుతుంది. అప్పుడు పదిమందికీ మందు అందుతుంది.

నాట్కో రావడం మాత్రం సంపూర్ణ పోటీ కాదు. 8,880 రూపాయలన్నది బజారు తేల్చిన ధర కాదు, ఆదేశం గీసిన గీత. ధరకు గీత గీస్తే సరుకు మాయమవుతుందని భయపడతాం. పోటీ ఉన్న బజారులో ఆ భయం సబబే. ఒక్కడే అమ్మేచోట లెక్క తిరగబడుతుంది. మన కంపెనీకి 30 వేలు మించొద్దని చెప్పండి. ఎనిమిదో రోగి వరకు అందరూ ఆ ధరకే కొంటారు, ఇంకొకరి కోసం ముందువారికి తగ్గించాల్సిన పని లేదు. ప్రతి రోగీ 30 వేలు తెస్తాడు, ఖర్చు 10 వేలే. కాబట్టి కంపెనీ తన లాభం కోసమే అయిదుగురికి బదులు ఎనిమిదిమందికి అమ్ముతుంది. లాభం లక్షా 60 వేలకు తగ్గుతుంది, అంతే.

గీత 10 వేల కిందకు పోతే మాత్రం ఎవరూ తయారుచేయరు. సరిగ్గా 10 వేల దగ్గర గీస్తే ఈ మందు ఆగదు. పరిశోధనకు పెట్టింది తిరిగి రాదని చూసిన కంపెనీ, తర్వాతి మందు జోలికి వెళ్లదు. పరిశోధన ఖర్చు లెక్కలోకి వచ్చేది అక్కడ. నెక్సావర్ విషయంలో అప్పీలు బోర్డు 2013లో లైసెన్సును సమర్థిస్తూనే రాయల్టీని 6 నుంచి 7 శాతానికి పెంచింది.