పక్కింటి కప్పు, మన ఇంటి పోలిక

పక్కింటి అమ్మాయి జిల్లా బ్యాడ్మింటన్ పోటీల్లో అండర్-13 సింగిల్స్ గెలిచి, కప్పు పట్టుకుని మెట్లెక్కుతోంది అనుకుందాం. "శభాష్ తల్లీ!" వరకూ అందరం బాగానే అంటాం. చిక్కంతా ఆ తర్వాతి మాటతోనే. "మావాడూ ఉన్నాడు ఎందుకు, ఫోన్ వదిలితేగా!" అనేస్తాం.

అందులో చెడు ఉద్దేశమేమీ ఉండదు. ఎదుటివాళ్లను పొగిడేటప్పుడు మనల్ని కాస్త తగ్గించుకోవడం మనకు మర్యాద. కానీ ఇక్కడ తగ్గేది మనం కాదు, గుమ్మం వెనక నిలబడి వింటున్న పిల్లాడు. అటు గెలిచిన పిల్ల తల్లికీ ఇబ్బందే. తన సంతోషం పక్కన పెట్టి, "అదేంటి వదినా, మీవాడు లెక్కల్లో ఫస్టు కదా" అని మనల్ని ఓదార్చాలి.

"ఇంకో సింధువవుతావు" అన్నది కూడా పోలికే, కాకపోతే పెద్ద పోలిక. నిన్న జిల్లా స్థాయిలో గెలిచిన పిల్ల నెత్తిన ఒలింపిక్ పతకాల బరువు పెట్టినట్టు.

మరి ఏమనాలి? ఆట గురించి అడగాలి. ఫైనల్ స్కోరు 18-21, 21-16, 21-19 అనుకోండి. అంటే మొదటి గేమ్ ఓడి, తర్వాతి రెండూ గెలిచింది. "మొదటిది పోయాక ఏం మార్చావమ్మా?" అని ఆ పిల్లనే అడిగి చూడండి. "అవతలి అమ్మాయి నెట్ దగ్గరే నిలబడుతోంది ఆంటీ, అందుకని షటిల్ వెనక గీత దాకా ఎత్తి కొట్టా" అని చేతులు ఊపుతూ చెబుతుంది. అప్పుడు "ఓడిన గేమ్ నుంచే కిటుకు పట్టావన్నమాట!" అంటే, ఆ మెప్పులో ఇంకో పిల్లకు చోటే ఉండదు.

దీని వెనక ఒక పరిశోధన కూడా ఉంది. అమెరికాలో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అయిదో తరగతి పిల్లలకు పజిళ్లు ఇచ్చి, కొందరిని తెలివైనవాళ్లని, కొందరిని బాగా కష్టపడ్డారని మెచ్చుకున్నారు. 1998లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. తెలివిని పొగిడించుకున్న పిల్లలు మిగతావాళ్లకు ఎన్ని మార్కులొచ్చాయో తెలుసుకోవాలని ఎక్కువగా చూశారు. కష్టాన్ని మెచ్చుకున్న పిల్లలకు కొత్త కిటుకుల మీద ఆసక్తి. పోలిక అలవాటుకు మన మెచ్చుకోలు తీరు కూడా దారి వేస్తుందన్నమాట.

అదే పోటీల్లో మీ అపార్ట్‌మెంట్ పిల్లాడే ఒకడు క్వార్టర్స్‌లో ఓడి ఉంటే కాస్త జాగ్రత్త. "నీకూ వచ్చేసారి వస్తుందిలే" అని ఆ గుంపులోనే అనకండి. వాడితో మాట్లాడాలనుకుంటే మర్నాడు, విడిగా, వాడి మ్యాచ్ గురించే.

వాట్సాప్ గ్రూపులోనూ రెండు ముక్కలు చాలు: "మూడో గేమ్ 19 దాకా వచ్చినా వదలకుండా గెలిచావట, చాలా గర్వంగా ఉందమ్మా. తర్వాతి మ్యాచ్ ఎప్పుడో చెప్పు, చూడ్డానికి వస్తాం." చెప్పాక నిజంగానే వెళ్లండి.